మందు లేని రిసెప్షన్: తమ్ముడు చెప్పాల్సిన రెండు నిమిషాల మాట

మీ అన్న పెళ్లి అయింది. పెళ్లి అమ్మాయివాళ్లు చేశారు, రిసెప్షన్ మీ ఇంటి తరఫున వర్గల్‌లో పెట్టుకున్నారు. యాట కూర, బగారా అన్నం అన్నీ ఉన్నాయి, మందు ఒక్కటే లేదు. అది ఇంట్లో అందరూ కూర్చుని తీసుకున్న నిర్ణయం. మరి వచ్చినవాళ్లకు ఆ మాట ఎవరు చెప్పాలి? మీ నాన్న చెబితే పెద్దాయన హుకుంలా ఉంటుంది. ఆయన ముందు ఎవరూ ఏమీ అనలేరు కాబట్టి ఆ అసంతృప్తి కాస్తా బయట పార్కింగ్‌లో మాటలై తిరుగుతుంది. అన్నా వదినా స్టేజి మీద ఫొటోల మధ్య ఉంటారు. మిగిలింది మీరే. పైగా మన దగ్గర దావత్‌లో "ఏర్పాటు ఏడ పెట్టిండ్రు?" అని పక్కకు పిలిచి అడిగేది పెళ్లికొడుకు తమ్ముణ్నే. కారు డిక్కీలో సీసాలు సర్దించేదీ, ఫంక్షన్ హాల్ వెనక కుర్చీలు వేయించేదీ చాలా ఇళ్లలో తమ్ముడూ అతని దోస్తులే కదా. ఉన్నదని చెప్పే మనిషే లేదని చెబితే జనం నమ్ముతారు. ఈ అధ్యాయం ఆ రెండు నిమిషాల మాట ఎలా కూర్చుకోవాలో చెబుతుంది. ఇక్కడ చెప్పే ప్రతి మెళకువా ఒక్క సూత్రం నుంచే పుడుతుంది: మీరు మాట్లాడాల్సింది మీ ఇంటి విందు గురించి, వచ్చినవాళ్ల అలవాటు గురించి కాదు.

"అసలు చెప్పడం ఎందుకు? లేదని వాళ్లకే తెలుస్తుంది కదా" అని మీకు అనిపించవచ్చు. ఊరంతా ఒక కట్టుబాటు మీద నడిచే చోట నిజంగానే చెప్పక్కర్లేదు. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి 1980లలోనే మద్యం వద్దనుకున్న ఊరిగా పేరు తెచ్చుకుంది. అలాంటి ఊళ్లో విందుకు వచ్చేవాళ్లకు సంగతి ముందే తెలుసు, ఎవరూ మైకు పట్టుకోవాల్సిన పని లేదు. మీ పరిస్థితి వేరు. పోయిన నెల ఇదే హాల్లో ఇంకొకరి దావత్‌లో మందు ఉంది, వచ్చే నెల మరొకరి దావత్‌లో ఉండవచ్చు. మధ్యలో మీ ఒక్కరి ఇంట్లో లేదంటే, చెప్పేదాకా ఎవరూ అలా అనుకోరు. ఎక్కడో దాచి ఉంచారనీ, దగ్గరివాళ్లకే ఇస్తున్నారనీ అనుకుంటారు. రెండో అనుమానం మరీ ప్రమాదం. మందు దొరకలేదన్న బాధ గంటలో పోతుంది, తనను దగ్గరివాడిగా లెక్కపెట్టలేదన్న బాధ మాత్రం ఏళ్లు ఉంటుంది. ఇంకో నష్టం వంటవాళ్లకు తెలుసు. తాగే అలవాటున్నవాళ్లు తిండి చివరికి పెట్టుకుంటారు. ఏర్పాటు ఉందో లేదో తేలకపోతే ఆ గుంపు భోజనాల వైపు రాదు. తొమ్మిదిన్నర దాటాక అంతా ఒకేసారి వరుస కడతారు, అప్పటికి కూర చల్లారి ఉంటుంది. ముందే స్పష్టంగా చెబితే వాళ్ల ఎదురుచూపు అక్కడితో ముగిసి ప్లేటు పట్టుకుంటారు.

ఇక మీరు మాట్లాడబోయేది ఎవరితో? "మన దగ్గర తాగనివాడెవడు?" అన్న మాట మనసులో పెట్టుకుని మైకు పట్టుకుంటే గొంతులో సంజాయిషీ వచ్చేస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది మద్యం తాగుతామన్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 18.8 శాతం. అరుణాచల్ ప్రదేశ్ తర్వాత రాష్ట్రాల్లో మనదే పెద్ద అంకె. దీన్ని ఎప్పుడూ ఇటు వైపు నుంచే చదువుతాం, అటు నుంచి చదివి చూడండి. ఇంత ఎక్కువగా తాగే రాష్ట్రంలో కూడా నూటికి 56 మంది మగవాళ్లు తాగమని చెప్పారు. ఆడవాళ్లలో తాగుతామన్నవాళ్లు 6.7 శాతమే. అంటే సగం మంది ఆడవాళ్లున్న హాల్లో మందు కోసం ఎదురుచూసేవాళ్లు ఎలా లెక్కేసినా తక్కువమందే. ఇలాంటి సర్వేలో తాగినా లేదనేవాళ్లు కొందరుంటారు, నిజమే. అన్న దోస్తుల బల్ల దగ్గర ఈ లెక్క తారుమారయ్యేదీ నిజమే. అయినా హాలు మొత్తానికి క్షమాపణ చెప్పుకోవాల్సిన అవసరం లేదని అర్థం కావడానికి ఈ అంకెలు చాలు. ఇవి మీ ధైర్యం కోసం, మైకులో చదవడానికి కాదు. మైకులో అంకెలు వినిపించాయంటే అది దావత్ కాదు, అవగాహన సదస్సు.

సదస్సు అయితే తప్పేంటి, నిజమే కదా చెప్పేది, అనేవాళ్లూ ఉన్నారు. మద్యం ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమం అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. మాట నిజమే, చోటు మాత్రం అది కాదు. తమ తాగుడు ఎంతవరకు వచ్చిందో చూపించుకుందామని తామే వచ్చినవాళ్ల మీద విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. చికిత్స చేసే మనిషి ఎంత నిలదీసి, ఎదిరించి మాట్లాడితే, ఏడాది తర్వాత ఆ వచ్చినతను అంత ఎక్కువ తాగుతూ కనిపించాడు. తన తాగుడు గురించి తెలుసుకుందామని తానే వచ్చినవాడి విషయంలోనే నిలదీత ఇలా ఎదురు తిరిగితే, పెళ్లికొడుకును దీవిద్దామని వచ్చిన మేనమామకు మూడువందల మంది మధ్య పాఠం చెబితే ఏమవుతుంది? ఆయన మారడం సంగతి అటుంచండి, ఆ రాత్రి మీ ఇంటి మీద అలిగి వెళ్లడం ఖాయం. ఆయన అలక తీర్చడానికి మీ నాన్న మళ్లీ ఒకసారి వాళ్ల ఊరికి పోవాలి.

ఇప్పుడు ఒక చిత్తుప్రతి తీసుకుందాం. మంచి మనసున్న తమ్ముడు తొందరలో రాసుకుంటే ఇలా వస్తుంది: "ఈ రోజులల్ల మందు లేకుంట దావత్ చెయ్యాలంటే ధైర్యం కావాలె. మా వదినెకు తాగుడంటే అస్సలు పడది. ఇక్కడనే కొండ మీద సరస్వతమ్మ ఉంది, ఈడ మందు పోసుడు పాపం. ఆ పైసలు అనాథ పిల్లలకు ఇచ్చినం. తాగుడుతోటి కుటుంబాలు ఆగమైతున్నయ్, మీరు గూడ ఒక్కసారి ఆలోచించుండ్రి. మీకు ఇబ్బంది చేసినందుకు మాఫ్ చెయ్యాలె." ఇందులో అబద్ధం పెద్దగా లేదు, దురుద్దేశం అసలే లేదు. అయినా దాదాపు ప్రతి వాక్యం ఎవరినో ఒకరిని గుచ్చుతుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. వదిన పేరు తీయడం. వీటన్నిటిలో పెద్ద తప్పు ఇదే. నిన్న మొన్న ఇంట్లో అడుగుపెట్టిన మనిషి మీద మీ ఇంటి నిర్ణయం మొత్తం వేసేశారు. ఆమెకు నిజంగా ఇష్టం లేకపోయినా, నిర్ణయం నిజంగా ఆమె కోరిక మీదే తీసుకున్నా సరే, ఆ సంగతి ఇల్లు దాటకూడదు. ఎందుకంటే రేపు ఆ చుట్టాల ఇళ్లకు ఒడిబియ్యానికీ, పండుగకూ, పురుడుకూ పోవాల్సింది ఆమె. "వచ్చుడు వచ్చుడే దావత్ బందు పెట్టించింది" అన్న మాట ఒకసారి పుడితే దాన్ని ఎవరూ ఆపలేరు. మీరు చెప్పింది ప్రేమతోనే కావచ్చు, మోసేది మాత్రం ఆమె. అటు అమ్మాయి తరఫు వాళ్లు కూడా ఇదే వాక్యం విని, మా పిల్లను అందరిలో ముందుకు నెట్టారని నొచ్చుకుంటారు. ఇదే లెక్క ఇంకొకరి ఆరోగ్యానికీ వర్తిస్తుంది. బాబాయి కాలేయం పాడైందనో, తాత తాగుడుతో పోయాడనో చెబితే మాట బలంగా ఉంటుందనిపిస్తుంది, కానీ ఆ సంగతి పదిమందికి చెప్పే హక్కు మీది కాదు. నిర్ణయం ఎవరిదని చెప్పాలి? "మా ఇంటిది" అని. అంతకన్నా వివరంగా ఎవరికీ అక్కర్లేదు.

2. గుడిని అడ్డం పెట్టుకోవడం. వర్గల్‌లో ఇది తేలిగ్గా నోటికి వచ్చే సాకు. విద్యా సరస్వతి కొండ మీద ఉంది, అక్షరాభ్యాసాలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆమె పేరు చెబితే ఎవరూ ఎదురు మాట్లాడరు. కానీ ఇదే ఊళ్లో, ఇదే కొండ కింద మందుతో జరిగిన విందులకు వచ్చినవాళ్లే మీ ముందు కూర్చున్నారు. అంటే వాళ్లందరూ పాపం చేశారనా? విన్నవాళ్లకు మొదట తట్టేది అదే. దావత్ ఇచ్చినవాళ్లు కూడా ఆ గుంపులోనే ఉంటారు. ఇంకో చిక్కు ఉంది, దాన్ని తర్వాత చెబుతాను.

3. పైసలు, ధైర్యం, దానం. ఈ మూడూ మిమ్మల్ని పొగుడుకునే మాటలే. దానం చేయాలనుకుంటే చేయండి, మైకులో వద్దు. అతిథికి పెట్టాల్సింది తగ్గించి ఇంకొకరికి ఇచ్చి పేరు తెచ్చుకున్నట్టు వినిపిస్తుంది.

4. "మీరు కూడా ఆలోచించండి." ఉపదేశం ఎందుకు పనిచేయదో పైన చెప్పుకున్నాం.

5. మాఫీ అడగడం. తప్పు చేసినవాళ్లు అడిగేది మాఫీ. మీరు మటన్ పెట్టి, మర్యాద చేసి, చల్లని మజ్జిగ ఇచ్చి తప్పేం చేశారు? క్షమాపణ చెబితే లేనిది గుర్తొస్తుంది. ఉన్నది చెబితే ఆకలి గుర్తొస్తుంది.

ఇన్ని తీసేస్తే మిగిలేదేమిటి? మిగిలేది తక్కువే, అందుకే రెండు నిమిషాల్లో అయిపోతుంది. తమ్ముడు తన సొంత యాసలో మాట్లాడాలి, పుస్తకం భాష వద్దు. ఇలా ఉండవచ్చు:

"అందరికి నమస్కారం. నేను పెండ్లికొడుకు తమ్ముణ్ని. రెండే నిముషాలు మాట్లాడ్త, అటెన్క సీద బువ్వకే. వదినె తరపునుంచి ఇంత దూరం వచ్చిన పెద్దలకు, మా మేనమామలకు, బావలకు, అక్కలకు, అన్న దోస్తులకు మా ఇంటి తరపున దండం. పనులు ఇడిసిపెట్టి వచ్చిండ్రు, మాకు శాన సంతోషం. ఒక్క మాట నేనే చెప్పాలె, ఎందుకంటే అందరు అడిగేది నన్నే. ఇయ్యాల మా దావత్‌ల మందు లేదు. ముంగట లేదు, ఎన్క లేదు, నా కారు డిక్కీల గూడ లేదు, కావాల్నంటే తాళం ఇస్త. ఇంట్ల అందరం కూసొని అనుకున్న మాట ఇది. అవ్వలు, అక్కలు, పిల్లలు, మొగోళ్లు అందరం ఒక్క తాన కూసొని తిని, ఆఖరుదాక కలిసి ఉండాలె అనిపిచ్చింది. గంతే. ఎవలి అలవాటు వాళ్లది, దాని మీద మేం ఒక్క మాట అనం. రేపు మీ ఇండ్లల్ల దావత్‌కు పిలిస్తే మేం గూడ ఉర్కొస్తం. యాట కూర ఉంది, తలకాయ కూర ఉంది, బగార అన్నం ఉంది, కూరగాయలు తినేటోళ్లకు అటు పక్క వేరే వరుస ఉంది. తిన్నంక ఆడ చాయ్ పెట్టించినం, కుర్చీలు గూడ ఏపిచ్చినం, కూసొని ముచ్చట పెట్టుండ్రి. అన్నకు వదినెకు దీవెన ఇచ్చి కడుపునిండ తినుండ్రి. దండం."

ఈ మాటల్లో కారణం ఒక్కటే ఉందని గమనించారా? అది కూడా మందు ఎందుకు చెడ్డదో చెప్పే కారణం కాదు, మీకు ఏం కావాలో చెప్పే కారణం. తాగే దావత్‌లో మగవాళ్లు ఒక చోట, ఆడవాళ్లూ పిల్లలూ ఒక చోట ఉంటారు. రెండు వేరు వేరు విందులు ఒకే హాల్లో జరుగుతాయి. ఆ సంగతి అందరూ చూసిందే కాబట్టి "ఒక్క తాన కూసొని" అన్న మాటకు రుజువు అక్కర్లేదు, ఎదురు వాదన కూడా రాదు. తాగేవాడు సైతం "అవును, నాకూ పిల్లలతో కూర్చోవాలని లేదా ఏంటి" అనుకోగలడు. డిక్కీ మీద చిన్న జోకు ఎందుకంటే, దాచి పెట్టారన్న అనుమానాన్ని నవ్వుతో తీసేయడానికి. దాన్ని గంభీరంగా ఖండిస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. మందు అన్న మాటను ఒక్కసారి, దాని పేరుతోనే అన్నాడు. "ఆ ఏర్పాట్లు", "అలాంటివి" అని నసిగితే వినేవాళ్లకు మీకే సిగ్గుగా ఉందని తెలిసిపోతుంది. అన్నిటికన్నా బరువైన వాక్యం "మీ ఇండ్లల్ల దావత్‌కు పిలిస్తే మేం గూడ ఉర్కొస్తం" అన్నది. మందు పోసే ఇంటిని మీరు వెలివేయడం లేదన్న భరోసా అందులో ఉంది. దాన్ని మాత్రం ఎంత తొందరలో ఉన్నా వదలకండి.

ఇప్పుడు ఇందాక ఆపిన చిక్కు. "మన ఆచారంలో కల్లు లేదా? పోచమ్మకు సాక పోసేది దేనితో? బోనాలకు కల్లు లేకుండా అవుతుందా?" అని ఏ కాకనో అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. తెలంగాణ పల్లెలో కల్లు దేవతకు పెట్టేది, ఇంటి శుభకార్యంలో ఉండేది, ఒక కులం కులవృత్తిగా బతికేది. మీ విందుకు వచ్చినవాళ్లలో తాళ్లెక్కే గౌడన్నలు ఉంటారు. అందుకే మందు పాపమనీ, అపవిత్రమనీ అనే మాట ఇక్కడ రెండు విధాల తప్పు. ఊరి దేవత ఆచారాన్ని తక్కువ చేస్తుంది, ఒక మనిషి కష్టాన్ని తక్కువ చేస్తుంది. సరస్వతమ్మ పేరుతో మందును నిందిస్తే పోచమ్మ ముందు చిక్కుల్లో పడతారు, ఆలోచించండి. కాబట్టి అడిగిన కాకతో వాదించకండి. "సాక పోసేది పోస్తనే ఉంటం కాక, ఇయ్యాల రాత్రి బువ్వ ముచ్చట గిది" అంటే చాలు. మీరు మొదటి నుంచీ ఒక్క రాత్రి గురించే మాట్లాడి ఉంటే ఈ జవాబు అతుకుతుంది. తాగుడు మొత్తం గురించి మాట్లాడి ఉంటే ఏ జవాబూ అతకదు.

రెండో అభ్యంతరం పిసినారితనం. పైకి అనకపోయినా ఎక్కువమంది అనుకునేది ఇదే. "మందు లేని దావత్ గూడ దావతేనా, పైసలు మిగులుపట్టుకున్నరు." దీనికి జవాబు మన ఊళ్లలోనే ఎప్పటినుంచో ఉంది. ముస్లిం దోస్తుల ఇంట్లో వలీమాకు మనం పోని వాళ్లం కాదు. అక్కడ చుక్క మందు ఉండదు. పిసినారులని ఎవరైనా అన్నారా? బిర్యానీ గురించి వారం రోజులు చెప్పుకుంటారు. అంటే మందు లేకపోవడం వల్ల కాదు, ఉంటుందనుకున్నది లేకపోవడం వల్ల మాట వస్తోంది. ఉంటుందన్న ఆశను ముందే తీసేసి, దాని స్థానంలో కంటికి కనిపించేది ఇంకొకటి పెడితే ఆ మాటకు బలం తగ్గుతుంది. ఏం పెట్టాలి? కూరలో ముక్క దండిగా ఉండాలి, చివరి పంక్తికి కూడా. ఇది మొదటిది. రెండోది చాలామంది మరిచిపోయేది: మందు మగవాళ్లకు ఇచ్చేది మత్తు ఒక్కటే కాదు, కూర్చునే చోటు, రెండు గంటల సమయం. ఏడాదికోసారి కలిసే బావలు, బాల్య స్నేహితులు ముచ్చట పెట్టుకునేది ఆ చోటే. అది తీసేసి ఏమీ ఇవ్వకపోతే తినగానే బండి తీస్తారు, హాలు తొందరగా ఖాళీ అవుతుంది, అప్పుడు విందు చప్పబడిందన్న మాటే నిజమవుతుంది. అందుకే హాలు బయట గాలి తగిలేచోట ఇరవై, ముప్పై కుర్చీలు గుండ్రంగా వేయించండి. పక్కనే చాయ్, మిర్చి బజ్జి, నిమ్మ సోడా పెట్టించండి. వచ్చినవాళ్ల నడుమ మీరు ఒక పావుగంట కూర్చోండి. ప్రసంగంలో "కుర్చీలు ఏపిచ్చినం" అన్న ముక్క ఉత్తి మాట కాకూడదు. చెప్పి, తీరా చూస్తే అక్కడ కుర్చీలు లేకపోతే మొత్తం మాటే తేలిపోతుంది.

మూడోది వెటకారంగా వస్తుంది: "సర్కారే ఆపలేకపాయె, నువ్వు ఆపుతవా?" ఆ మాటలో చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించిన 1990ల మొదట్లో ఆ ఉద్యమం ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా మీద నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం అమలైంది, 1997లోనే సడలిపోయింది. ఆ నిషేధం ఎందుకు నిలవలేదన్న చర్చకు ఇది చోటు కాదు గానీ, మీ విషయానికి పనికొచ్చే తేడా ఒకటి ఉంది. సర్కారు ప్రతి ఇంటి గ్లాసునూ ఆపాలనుకుంది. మీరు ఎవరి గ్లాసునూ ఆపడం లేదు, మీ వంటల జాబితా చెబుతున్నారు. వెటకారం చేసినతనికి జవాబు కూడా అదే: "ఆపుతలేను అన్నా, పెడ్తలేను, గంతే." నవ్వుతూ అనండి.

చెప్పే వేళ గురించి ఒక అసలు ఇబ్బంది ఉంది. రిసెప్షన్‌కు జనం ఒకేసారి రారు. ఏడింటికి కొందరు, ఎనిమిదిన్నరకు ఎక్కువమంది, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ట్రాఫిక్ దాటి తొమ్మిదిన్నరకు. కాబట్టి మైకులో చెప్పిన మాట సగం మందికి అందదు. మైకు మీద ఆధారపడితే పని కాదు, అసలు పని ముందు వారమే సగం అయిపోవాలి. తాగే గుంపుల్లో ఒక పెద్ద ఉంటాడు, అది ఒక మేనమామ కావచ్చు, పెద్ద బావ కావచ్చు, అన్న క్లాస్‌మేట్లలో ఒకడు కావచ్చు. అలాంటి నలుగురైదుగురికి మీరే ఫోన్ చేసి చెప్పండి. "మామా, మందు పెడ్తలేం. అందరిల తెలిసేకన్న ముందు నీకు చెప్పాలె అనిపిచ్చింది" అంటే, ముందు తనకే చెప్పారన్న గౌరవంతో ఆయన తన గుంపుకు తానే సర్దిచెబుతాడు. పత్రికలో అచ్చు వేయించవద్దని నా అభిప్రాయం. పత్రిక మందు ఊసే లేని ఇళ్లకూ పోతుంది, అక్కడ అది వింతగా కనిపిస్తుంది. ఇక రిసెప్షన్ రోజు భోజనాలు తెరిచే ముందు, అంటే ఎనిమిది ప్రాంతంలో, డీజే అతనికి ముందే చెప్పి పాట పూర్తిగా ఆపించి మాట్లాడండి. పాట తగ్గించి మాట్లాడితే కేకలు వేయాల్సి వస్తుంది, కేక వేస్తే ఎంత మెత్తటి మాటైనా గద్దింపులా ఉంటుంది. ఇంట్లో గడియారం పెట్టుకుని రెండుసార్లు పైకి చదవండి. రెండు నిమిషాలు దాటితే దీవెనల ముక్క కాదు, కారణాల ముక్క కోయండి. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం భోజనాల గుమ్మం దగ్గర ఇద్దరు తమ్ముళ్లను నిలబెట్టి ఒక్క వాక్యం నేర్పండి: "ఇయ్యాల మందు లేదన్నా, కూర మాత్రం జబర్దస్త్ ఉంది, రా."

ఇంతా చేసినా ఎవరో ఒకరు బయట సీసా తెరుస్తారు. ఎనిమిదిన్నరకు పార్కింగ్‌లో ఒక డిక్కీ లేస్తుంది, నలుగురు గుమిగూడతారు. అప్పుడేం చేయాలి? మళ్లీ మైకు పట్టుకోవడం మాత్రం వద్దు. మూడువందల మంది ముందు నలుగురిని పట్టిస్తే, వాళ్లు ఆ రాత్రి మీ ఇంటికి పగవాళ్లు. మీరు చెప్పింది మీ ఇంటి విందు గురించే, వాళ్ల డిక్కీ మీ విందు కాదు. దగ్గరి వయసు బావమరిదినో, అన్న దోస్తునో ఒకరిని పంపి, "బయట మీ ఇష్టం, లోపలికి మాత్రం తేవద్దు, తినేసి పోండి" అని చెప్పించండి. మీరు నిజంగా పట్టించుకోవాల్సింది బండి తాళాల సంగతి. గౌరారం దగ్గర రాజీవ్ రహదారి ఎక్కితే రాత్రి లారీలు, బస్సులు ఆగకుండా పోతుంటాయి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది ప్రసంగంలో చెప్పే మాట కాదు, చెబితే బెదిరింపు అవుతుంది. దానికి బదులు తాగని ఇద్దరు డ్రైవర్లను, ఒక కారును పదకొండు దాకా హాలు దగ్గరే ఉంచండి. తూలుతూ బండి దగ్గరికి పోతున్నవాణ్ని చూస్తే మీరే పోయి భుజం మీద చెయ్యి వేసి, "బండి ఈడనే ఉండనీ అన్నా, పొద్దుగాల నేనే తెచ్చిస్త" అనండి. అతని ఊరూ పేరూ ఒక కాగితం మీద రాసి తాళం చెవికి కట్టి పెట్టుకోండి, లేకపోతే తెల్లారి ఎవరి బండి ఎవరిదో తెలియదు.